పాత పార్టీకి బాకీ గుర్తుచేసే మెసేజ్: ఇలా పంపవచ్చా?

ఆటోనగర్ పెట్టెలు
విజయవాడ ఆటోనగర్‌లో మాకు అట్టపెట్టెల యూనిట్ ఉంది. మామగారు మొదలుపెట్టినది, ఇప్పుడు లెక్కలూ వసూళ్లూ నేను చూస్తున్నాను. గుంటూరులో కారప్పొడి ప్యాకింగ్ చేసే ఒక పార్టీ మామగారి కాలం నుంచీ మా దగ్గరే పెట్టెలు తీసుకుంటోంది. యజమాని మామగారి స్నేహితుడు, నేను ఆయన్ని బాబాయిగారూ అనే పిలుస్తాను. అదే చిక్కు. ముప్పై రోజుల గడువు మీద సరుకు పంపుతాము. ఈ వేసవి తర్వాత చెల్లింపులు బాగా వెనకబడ్డాయి. నడుమ ఒకసారి లక్షన్నర పంపారు, ఏ బిల్లుకో చెప్పలేదు. దసరాకు మళ్లీ పెద్ద ఆర్డరు ఇచ్చారు. డబ్బు రావాలి, ఆయన నొచ్చుకోకూడదు. ఈ కింది మెసేజ్ వాట్సాప్‌లో పంపుదామని రాసుకున్నాను. ఎలా ఉందో చెప్పండి.

"బాబాయిగారూ, నమస్కారం. ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి. మన ఖాతాలో పాత బాకీ 3,42,000 ఉంది. బ్యాంకు ఓడీ వడ్డీ మాకు చాలా భారంగా ఉంది. మీ వీలు చూసుకుని త్వరగా సర్దగలరని కోరుతున్నాను."

బీసెంట్ రోడ్డు
మీరు బాకీ పడి, పైగా వీలు చూసుకోమంటారా? అవతలివాళ్ల ఓడీ సంగతి మీకెందుకు, ముందు కొంత కట్టి తర్వాత మాట్లాడండి.

ఆటోనగర్ పెట్టెలు
అయ్యా, బాకీ మాది కాదు. మాకు రావలసినది.

బీసెంట్ రోడ్డు
మన్నించండి. ఆ మెసేజ్ చదివితే బాకీపడ్డవాళ్లు రాసినట్లే ఉంది మరి.

మిర్చియార్డు మనవడు
పై ఆయన పొరపాటుగా అన్నా అసలు విషయం అదే. క్షమాపణ ఎందుకు? సరుకు ఇచ్చారు, డబ్బు అడుగుతున్నారు. నేనైతే ఒకటే మాట: పాతది కట్టేదాకా కొత్త సరుకు లేదు. దసరా ముందు పెట్టెలు లేకపోతే కారం దేంట్లో పంపుతాడు? రెండు రోజుల్లో డబ్బు వస్తుంది.

పాత గుమస్తా
నేను గుంటూరులో ఒక నూలు మిల్లులో చాలా ఏళ్లు చెల్లింపుల బల్ల దగ్గర కూర్చున్నవాణ్ణి. అంటే ఇలాంటి మెసేజ్‌లు అందుకునే వైపు. అక్కడి నుంచి చూసి చెబుతాను.

మీ మెసేజ్ బాబాయిగారికి చేరితే ఆయన చదువుతారు, బాధపడతారు, గుమస్తాకు ఫోను చేసి "విజయవాడ పెట్టెలవాళ్లది చూడు" అంటారు. గుమస్తా "చూస్తానండి" అంటాడు. అంతటితో అయిపోతుంది. ఎందుకంటే మెసేజ్‌లో బిల్లు నంబరు లేదు, తేదీ లేదు. 3,42,000 అనే అంకె అతని పుస్తకంలో ఎక్కడా కనిపించదు. అతని లెక్కతో మీ లెక్క సరిపోలకపోతే, సరిచూసేదాకా ఆపడమే అతని పని. "వీలు చూసుకుని" అన్నారు కాబట్టి తొందర కూడా లేదు.

ముందు నాకు మూడు సంగతులు చెప్పండి. ఏయే బిల్లులు, ఏ తేదీలవి? ఆ లక్షన్నర మీ పుస్తకంలో దేనికి జమ వేశారు? సరుకు మీద వాళ్లు ఏమైనా అన్నారా, నోటిమాటగానైనా?

ఆటోనగర్ పెట్టెలు
బిల్లు 118, జూన్ 12, 1,86,000. బిల్లు 131, జూలై 3, 2,12,000. బిల్లు 152, ఆగస్టు 21, 94,000. అన్నీ జీఎస్టీతో కలిపి. లక్షన్నర జూలై 28న వచ్చింది, మొత్తం బాకీలోంచి తీసేశాను. జూలై సరుకులో కొన్ని పెట్టెలు తడిసి వచ్చాయని వాళ్ల స్టోరు కుర్రాడు మా లారీ డ్రైవరుతో అన్నాడట. రాతపూర్వకంగా ఏమీ రాలేదు, అందుకని పట్టించుకోలేదు.

పాత గుమస్తా
అక్కడే దొరికింది. రెండు సంగతులు ఉన్నాయి.

మొదటిది, బిల్లు 152కు గడువు సెప్టెంబరు 20. ఈ రోజు 10వ తేదీ. గడువు రాని 94,000ను మీరు "పాత బాకీ"లో కలిపేశారు. కట్టవలసిన మనిషికి ఒక్క అంకెలో తప్పు దొరికినా చాలు, మిగతా సరైన అంకెలను కూడా పక్కన పెట్టేస్తాడు. గడువు దాటినదే అడగండి. దాటనిది విడిగా, సమాచారంగా మాత్రమే చూపండి.

రెండవది తడిసిన పెట్టెలు. స్టోరు కుర్రాడు సరుకు దించుకున్నప్పుడు రిజిస్టరులో "డ్యామేజి" అని ఒక ముక్క రాసి ఉంటాడు. ఆ ముక్క ఉన్నంతకాలం బిల్లు 131 మొత్తం అకౌంట్స్‌లో ఆగిపోతుంది. తడిసినవి ఎన్నైనా కావచ్చు, ఆగేది 2,12,000. బాబాయిగారికి ఈ సంగతి తెలిసి ఉండకపోవచ్చు కూడా. ఆయన ఎగ్గొడుతున్నారని మీరు, మీరు పట్టించుకోవడం లేదని వాళ్లు అనుకుంటూ ఉంటారు. డబ్బు అడిగే ముందు స్టోరుకు ఫోను చేసి ఎన్ని తడిశాయో కనుక్కోండి.

చట్టం తెలిసినవాడు
ఇంత కష్టం ఎందుకండీ? చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉంటే చాలు. 45 రోజులు దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. పైగా ఆదాయపు పన్నులో 43బి(హెచ్) కింద వాళ్లకు ఆ ఖర్చే ఒప్పుకోరు. జీఎస్టీ క్రెడిట్ కూడా వెనక్కి కట్టాలి. ఈ మూడూ ఒక పేరాలో రాసి పంపండి, పరుగెత్తుకుని వస్తారు. నాకు హార్డ్‌వేర్ హోల్‌సేల్ ఉంది, ఉద్యం ఉంది, నేనూ ఇలాగే చేయబోతున్నాను.

లెక్కల మాస్టారు
పన్నుల ప్రాక్టీసులో ఉన్నాను కాబట్టి ఒక మాట. మీరు చెప్పినవన్నీ చట్టంలో ఉన్నాయి, కానీ సెప్టెంబరులో అవి కరవవు.

43బి(హెచ్) లెక్క ఆర్థిక సంవత్సరం ముగింపులో తేలుతుంది. గడువు దాటినా మార్చి 31లోగా చెల్లిస్తే ఆ ఏడాదే వాళ్లకు ఖర్చుగా వస్తుంది. ఇక జీఎస్టీ క్రెడిట్ వెనక్కి కట్టవలసినది బిల్లు తేదీ నుంచి 180 రోజులు దాటాకే. జూన్ 12 బిల్లుకు అది డిసెంబరు 9. వాళ్ల ఆడిటరు ఈ మాట ఒక్క నిమిషంలో చెబుతాడు, అప్పుడు మీ బెదిరింపు ఉత్త చేతులతో నిలబడుతుంది. 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం కింద వడ్డీ హక్కు మాత్రం ఈ అమ్మగారికి నిజంగానే ఉంది, ఎందుకంటే వారు తయారీదారులు. యూనిట్ ఉద్యంలో సూక్ష్మ లేక చిన్న సంస్థగా నమోదై ఉంటే, ఇలాంటి బాకీల తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లే దారి తెరిచే ఉంటుంది. అది చివరి దారి. ఆ మెట్టు ఎక్కాక బాబాయిగారు అని పిలవడం కుదరదు.

మీ హార్డ్‌వేర్ హోల్‌సేల్ విషయం వేరు. 2021 జూలై నుంచి హోల్‌సేల్, రిటైల్ వ్యాపారులకూ ఉద్యం ఇస్తున్నారు, కానీ బ్యాంకు అప్పుల్లో ప్రాధాన్యం కోసం మాత్రమే. ఆలస్యపు చెల్లింపుల రక్షణ వ్యాపారులకు రాదు. ఆ పేరా మీరు పంపకండి.

చట్టం తెలిసినవాడు
మా ఆడిటరు ఈ మాట చెప్పలేదే. అడిగి వచ్చి రాస్తాను.

పద్మిని ఫ్లెక్స్
మా బాధ వినండి. మాకు గుంటూరు అరండల్‌పేటలో ఫ్లెక్స్ ప్రింటింగ్ ఉంది. ఒక పార్టీ అడ్వాన్సు ఇవ్వకుండా పని చేయించుకుని చెక్కు ఇచ్చాడు, అది బౌన్సయింది, ఇప్పుడు ఫోను ఎత్తడు. ఎలాంటి మెసేజ్ పంపాలి?

లెక్కల మాస్టారు
పద్మిని గారూ, మీది గుర్తుచేసే వ్యవహారం కాదు. చెక్కు తిరిగి వచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు పంపాలి. తేదీ దాటితే ఆ చెక్కు మీద కేసు కష్టం. ఈ వారమే వకీలును కలవండి. వేరే చర్చ తెరవండి, అక్కడ రాస్తాను.

మిర్చియార్డు మనవడు
అసలు నా ప్రశ్నకు ఎవరూ సమాధానం చెప్పలేదు. సరుకు ఆపితే పని అయిపోతుంది కదా?

పాత గుమస్తా
అవుతుంది, ఒక్కసారి. తర్వాత ఆయన కొండపల్లిలోనో మంగళగిరిలోనో ఇంకొక పెట్టెలవాణ్ణి చూసి పెట్టుకుంటాడు, సగం ఆర్డరు అటు పోతుంది. కొనేవాడికి నచ్చనిది డబ్బు అడగడం కాదు, ఉన్నట్లుండి లారీ రాకపోవడం. ఆపవలసి వస్తే ముందే, తేదీతో, చల్లగా చెప్పాలి.

ఆటోనగర్ పెట్టెలు
స్టోరుకు ఫోను చేశాను. 200 పెట్టెలు తడిశాయట, మూలలు విడిపోయాయని విడిగా పెట్టి ఉంచారు. ఫొటో కూడా పంపాడు. మా లారీ టార్పాలిన్ చిరిగిన సంగతి మాకు తెలుసు కాబట్టి వాదన లేదు. పెట్టె ఒక్కటి జీఎస్టీతో 40 రూపాయలు. అంటే 8,000. ఈ 8,000 కోసం రెండు లక్షలు ఆగాయని తలచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

పాత గుమస్తా
ఆ 8,000 బిల్లులోంచి తగ్గించినట్లు క్రెడిట్ నోటు ఈ రోజే తయారు చేయండి. డబ్బు అడిగే కాగితంతోపాటే అది చేరాలి. మీ వైపు తేల్చవలసినది మీరు తేల్చేశాక, ఆపడానికి వాళ్ల దగ్గర కారణం మిగలదు. ఇంతకన్నా గట్టి మాట ఏదీ రాయనక్కరలేదు.

లక్షన్నర సంగతి. దేనికని వాళ్లు చెప్పనప్పుడు, ఏ బాకీకి జమ వేసుకోవాలో ఎంచుకునే హక్కు మీది, కాంట్రాక్టు చట్టం ఆ మాట చెబుతుంది. అన్నిటికన్నా పాత బిల్లు 118కి వేయండి, వేసినట్లు రాసి చూపండి. లేదంటే వాళ్ల పుస్తకంలో అది 131కి పడి ఉంటుంది, మీ పుస్తకంలో మొత్తానికి పడి ఉంటుంది, ఏడాది చివర రెండు ఖాతాలూ కలవవు.

ఇక మెసేజ్ ఒకటి కాదు, రెండు. బిల్లులూ అంకెలూ ఉన్నది అకౌంట్స్‌కు ఈమెయిల్‌లో, ఖాతా నకలు జతచేసి. బాబాయిగారికి అంకెలు వద్దు. ఆయనకు ఫోను చేయండి, లేదా రెండు వాక్యాలు రాయండి. అప్పుడు మీ ఇద్దరి మధ్యా బాకీ అనే మాట నలగదు. గుమస్తా కాగితం ఆయన ముందు పెడతాడు, ఆయన సంతకం చేస్తారు.

కొత్తపేట దుకాణం
వేళ కూడా చూసుకోండి. పొద్దున్నే బోణీ కాకముందు బాకీ అడిగితే ఎంత మంచివాడైనా చిరాకుపడతాడు. మంగళవారం, శుక్రవారం డబ్బు బయటికి తీయనివాళ్లు మా బజారులో ఇంకా చాలామంది ఉన్నారు. శుక్రవారంలోగా కట్టమని గడువు పెడితే అది సోమవారం అయినట్లే. దీపాలు పెట్టే వేళకు అసలే వద్దు.

పాత గుమస్తా
ఇది నవ్వి వదిలేసే మాట కాదు. మా మిల్లులో బుధవారం జాబితా రాసేవాళ్లం, గురువారం బ్యాంకుకు పంపేవాళ్లం. జాబితా రాసే ముందు రోజు వచ్చిన కాగితానికి ఉన్న విలువ, రాసిన మర్నాడు వచ్చిన దానికి ఉండదు. వాళ్ల చెల్లింపు రోజు ఏదో అకౌంట్స్‌ను మామూలుగా అడగండి, దాచిపెట్టే రహస్యమేమీ కాదు.

ఆటోనగర్ పెట్టెలు
అడిగాను. గురువారమేనట. ఇదిగో కొత్తగా రాసినది.

"నమస్కారం. మా నుంచి మీకు వచ్చిన అట్టపెట్టెల బిల్లుల వివరం ఇది, ఖాతా నకలు జతచేశాము.
బిల్లు 118, జూన్ 12, రూ. 1,86,000. జూలై 28న మీరు పంపిన 1,50,000 దీనికి జమ చేశాము. రావలసినది 36,000.
బిల్లు 131, జూలై 3, రూ. 2,12,000. తడిసిన 200 పెట్టెలకు 8,000 క్రెడిట్ నోటు జతచేశాము. రావలసినది 2,04,000.
ఈ రెండింటికీ 30 రోజుల గడువు దాటింది. మొత్తం రూ. 2,40,000 సెప్టెంబరు 18 గురువారం చెల్లింపుల్లో పంపండి. ఒకేసారి కుదరకపోతే ఏ తేదీన ఎంత పంపగలరో 15వ తేదీ సోమవారంలోగా రాయండి. లెక్కలో తేడా కనిపిస్తే అదే రోజులోగా తెలపండి.
బిల్లు 152, రూ. 94,000కు గడువు సెప్టెంబరు 20. దాన్ని పై మొత్తంలో కలపలేదు."

బాబాయిగారికి: "బాబాయిగారూ, నమస్కారం. తడిసిన పెట్టెల లెక్క తేల్చి క్రెడిట్ నోటుతో పాటు ఖాతా నకలు మీ అకౌంట్స్‌కు పంపాను. గురువారం జాబితాలో మన రెండు పాత బిల్లులూ ఉండేలా ఒక్క మాట చెప్పండి."

బీసెంట్ రోడ్డు
ఈసారి ఎవరిది బాకీయో తెలుస్తోంది.

పాత గుమస్తా
బాగుంది. "త్వరగా" అనే మాట ఎక్కడా లేదు, దాని చోట తేదీ ఉంది. "ఏ తేదీన ఎంత" అనే వాక్యాన్ని తీసేయమని కొందరు అంటారు, వాయిదాకు దారి చూపినట్లవుతుందని. నేను ఉంచమంటాను. డబ్బు లేని గుమస్తా మౌనంగా ఉండిపోతాడు. అడిగితే కనీసం ఒక తేదీ రాస్తాడు. రాసిన తేదీ తప్పితే రెండవసారి మీరు అడిగేది మీ గడువు గురించి కాదు, వాళ్ల మాట గురించి.

మిర్చియార్డు మనవడు
దసరా ఆర్డరు సంగతి ఒక్క ముక్కా లేదు. "డబ్బు వస్తేనే సరుకు" అని ఇందులోనే ఉండాలి. లేకపోతే ఇదంతా మంచి చేతిరాత, అంతే.

లెక్కల మాస్టారు
బిల్లు కింద 24 శాతం వడ్డీ అని అచ్చువేసి ఉంటారు కదా, ఆ గీతను ఒకసారి గుర్తుచేసినా తప్పులేదు. వసూలు చేయాలని కాదు. ఒకేసారి కట్టేస్తే వడ్డీ అడగబోమని చెప్పడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి.

పాత గుమస్తా
నేను ఒప్పుకోను మాస్టారూ. ఇన్నేళ్లలో ఎన్నడూ వేయని వడ్డీని ఈ రోజు ఎత్తితే, ఆయన అంకె చూడరు, మారిన స్వరం చూస్తారు. ఆర్డరు సంగతి కూడా ఈ కాగితంలో వద్దు. 18న రాకపోతే 19న విడిగా, "25న లారీ బయలుదేరాలంటే ఈ రెండు బిల్లులూ 23లోగా తేలాలి" అని ఆయనకే ఫోనులో చెప్పాలి.

మిర్చియార్డు మనవడు
19న చెబితే ఆయన వేరే చోట పెట్టెలు చూసుకునే సమయం ఉండదు, అప్పుడు నిజంగా కోపం వస్తుంది. ముందే చెప్పడమే మర్యాద. మీరే పైన అన్నారు, ముందే తేదీతో చెప్పాలని.

పాత గుమస్తా
ఆ మాట నిజమే. ఇక్కడ మీ వాదనకు బలం ఉంది. అయినా మొదటి కాగితంలోనే షరతు పెడితే, తప్పు తెలియని మనిషిని ముందే నిలదీసినట్లు ఉంటుంది. ఆయన సంగతి అమ్మగారికే బాగా తెలుసు.

ఆటోనగర్ పెట్టెలు
షరతు లేకుండానే 11న పంపాను. సాయంత్రానికి అకౌంట్స్ నుంచి జవాబు వచ్చింది. లక్షన్నర వాళ్లు బిల్లు 131కే వేసుకున్నారట, ఖాతా నకలు చూసి సరిచేసుకున్నారు. బాబాయిగారు ఫోను చేసి, తడిసిన పెట్టెల సంగతి తనకెవరూ చెప్పలేదని వాళ్ల స్టోరు మీద విసుక్కున్నారు. నా మీద కాదు.

ఆటోనగర్ పెట్టెలు
18న 1,20,000 నెఫ్ట్‌లో వచ్చింది. 36,000, తర్వాత 131లో 84,000 అని వాళ్లే రాశారు. మిగిలిన 1,20,000 సెప్టెంబరు 25 గురువారం అన్నారు. మా దసరా సరుకు లారీ ఎక్కవలసినదీ 25నే. 94,000 బిల్లుకు ఎల్లుండి గడువు. ఇప్పుడు సగం సరుకు పంపి సగం ఆపాలా, మొత్తం పంపాలా?

మిర్చియార్డు మనవడు
సగం.

పాత గుమస్తా
మొత్తం పంపండి. అడిగిన తేదీకి సగం పంపారు, మిగతాదానికి తేదీ రాసి ఇచ్చారు. మాట తప్పనివాళ్ల మీద ఆంక్ష పెట్టకూడదు. 26 పొద్దుటికి డబ్బు రాకపోతే తర్వాతి ఆర్డరుకు సగం అడ్వాన్సు అడగండి.

లెక్కల మాస్టారు
నేను మనవడి వైపు. మొత్తం పంపితే బయట ఉండే డబ్బు మళ్లీ ఎంతకు చేరుతుందో ఒకసారి కూడి చూడండి. మీ ఓడీ హద్దు దాటుతుందా లేదా అన్నది ఇక్కడ బాబాయిగారి మంచితనం కన్నా ముఖ్యం.

ఆటోనగర్ పెట్టెలు
దాటదు, కానీ అంచుకు వస్తుంది. 24న లారీ బుక్ చేసే ముందు అకౌంట్స్‌కు ఫోను చేసి, మన పేరు ఆ వారం జాబితాలో ఎక్కిందా అని అడుగుతాను. ఎక్కితే మొత్తం, లేకపోతే సగం.

చట్టం తెలిసినవాడు
మా ఆడిటరును అడిగాను. హోల్‌సేల్‌కు రాదట. ఆ పేరా నేను ఇప్పటికే ఇద్దరికి పంపాను, ఒకరు నవ్వుతున్న బొమ్మ పెట్టారు. ఇప్పుడు వాళ్లకు ఏమి రాయాలో ఎవరైనా చెప్పండి.